ఒక చెవితోనే వినేవాళ్లు మోనో ఆడియో, బ్యాలెన్స్ ఎలా సెట్ చేసుకోవాలి?

నాకు కుడి చెవి పనిచేయదు. ఆరేళ్లప్పుడు గవదబిళ్ళలు వచ్చాయి. అవి తగ్గాయి గానీ ఆ చెవిలో వినికిడి వాటితోపాటే పోయింది. బస్సెక్కితే కుడివైపు కిటికీ సీటు వెతుక్కోవడం, పెళ్లి భోజనాల్లో పక్కవాళ్లంతా ఎడమవైపు ఉండేలా బంతి చివర కూర్చోవడం నాకెప్పుడో అలవాటైపోయాయి. హెడ్‌ఫోన్స్ దగ్గర మాత్రం చాలా ఏళ్లు తెలియక తప్పు చేస్తూనే వచ్చాను.

ఒకసారి యూట్యూబ్‌లో మిర్చి రైతు ఇంటర్వ్యూ ఒకటి చూస్తున్నాను. యాంకర్ అడిగే ప్రశ్నలు చెవిలో చెప్పినట్టు వినిపిస్తున్నాయి. రైతు చెప్పే జవాబులేమో పక్క గదిలోంచి వస్తున్నట్టున్నాయి. రికార్డింగ్ బాలేదనుకుని తిట్టుకున్నాను. మా మేనల్లుడు హెడ్‌ఫోన్స్ తీసుకుని పెట్టుకుని, "మావయ్యా, ఆయన మాట క్లియర్‌గానే ఉంది కదా!" అన్నాడు. వాడే హెడ్‌ఫోన్స్‌ని తిప్పి, కుడి కప్పు నా ఎడమ చెవి మీద పెట్టాడు. ఈసారి రైతు మాట ఖణేల్‌మని వినిపించింది, యాంకర్ దూరమైపోయింది.

జరిగింది చాలా మామూలు విషయమే. షూటింగ్‌లో ఇద్దరికీ రెండు కాలర్ మైకులు పెట్టారు. యాంకర్ మైకు ఎడమ చానెల్‌లో, రైతు మైకు కుడి చానెల్‌లో రికార్డయ్యాయి. ఎడిటింగ్‌లో ఆ రెంటినీ కలపకుండా అలాగే అప్‌లోడ్ చేశారు. నాకు వినిపించిన ఆ దూరపు గొంతు, యాంకర్ మైకులోకి ఎదురుగా ఉన్న రైతు మాట కాస్త పడగా వచ్చింది. రెండు చెవులూ వినిపించేవాళ్లకు ఒకరు ఎడమ పక్క, ఒకరు కుడి పక్క కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది, కొంచెం వింతగా అనిపిస్తుంది, అంతే. మనకైతే సగం సంభాషణ పోయినట్టే.

ముందు తేడా తెలుసుకోండి

ఆ రోజు నేను చేసిన మొదటి పని బ్యాలెన్స్ మీటను పూర్తిగా ఎడమకి జరపడం. నా మంచి చెవి ఎడమది కాబట్టి శబ్దమంతా అటే వస్తుందనుకున్నాను. ఏమీ మారలేదు. చాలామంది పడే పొరపాటు ఇదే కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను.

రెండు పంట కాలువలు పక్కపక్కనే పారుతున్నాయనుకోండి. బ్యాలెన్స్ అంటే ఒక కాలువ తూము దించడం. దించిన కాలువలో నీళ్లు తగ్గుతాయి, అంతేగానీ ఆ నీళ్లు రెండో కాలువలోకి రావు. మోనో ఆడియో అంటే రెండు కాలువల నీళ్లూ ఒకచోట కలిపి, ఆ కలిసిన నీళ్లనే మళ్లీ రెండింటికీ వదలడం. మీటను ఎడమకి లాగితే కుడి చానెల్ గొంతు తగ్గుతుంది, ఎడమ చెవిలోకి మాత్రం ఒక్క మాట కూడా అదనంగా చేరదు. రెండు వైపుల శబ్దాన్నీ ఒక చెవికి చేర్చేది మోనో ఒక్కటే. ఏ పరికరంలోనైనా ముందు మోనో ఆన్ చేయాలి. బ్యాలెన్స్ ముట్టుకోవాలా వద్దా అన్నది తర్వాతి మాట.

ఇంకో సంగతి. ఈ ఇబ్బందంతా హెడ్‌ఫోన్స్, ఇయర్‌బడ్స్ పెట్టుకున్నప్పుడే. టీవీ స్పీకర్లో, ల్యాప్‌టాప్ స్పీకర్లో విన్నప్పుడు రెండు వైపుల శబ్దమూ గాలిలోనే కలిసి మంచి చెవికి చేరుతుంది. ఫోన్ కాల్స్‌కీ ఇది అక్కర్లేదు, మామూలు కాల్‌లో గొంతు రెండు వైపులా ఒకటే వస్తుంది. "ఫోన్ మాట్లాడితే బాగానే ఉంది, వీడియో చూస్తేనే తేడా" అని ఎవరైనా అంటే నాకు ముందుగా వచ్చే అనుమానం రెండు వైపులా వేర్వేరు శబ్దం పంపే స్టీరియో మీదే.

మొదటి మెట్టు: తప్పు చెవిదా, ఇయర్‌ఫోన్‌దా?

సెట్టింగ్స్‌లోకి వెళ్లేముందు ఈ అర నిమిషం పరీక్ష చేయండి. యూట్యూబ్‌లో left right test అని కొడితే "లెఫ్ట్", "రైట్" అని మార్చి మార్చి చెప్పే వీడియోలు బోలెడు వస్తాయి. ఒకటి పెట్టి, హెడ్‌ఫోన్స్ సరిగ్గా పెట్టుకుని వినండి. తర్వాత తిప్పి, ఎడమ కప్పు కుడి చెవికి, కుడి కప్పు ఎడమ చెవికి పెట్టుకుని మళ్లీ వినండి. బడ్స్ తిప్పితే చెవిలో సరిగ్గా కూర్చోకపోవచ్చు, చేత్తో చెవి దగ్గర పట్టుకుంటే సరిపోతుంది.

తిప్పినా అదే చెవిలో వినిపించకపోతే తేడా చెవిలో ఉంది. తిప్పగానే నిశ్శబ్దం రెండో చెవికి మారిందంటే ఇయర్‌ఫోన్ ఒక వైపు పోయింది. కొత్తది కొనేముందు బడ్ జాలీ చూడండి. గులిమి గట్టిపడి మూసుకుపోయి ఉండొచ్చు, మెత్తటి పొడి బ్రష్‌తో తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. నిన్నటిదాకా బాగా వినిపించి, ఇవాళ లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టుంటే, లేదా ఒకటి రెండు రోజుల్లోనే వినికిడి పడిపోతే సెట్టింగ్స్ పక్కన పెట్టి ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది లోపలి నరానికి సంబంధించినదైతే స్టెరాయిడ్ మందులు మొదటి రెండు వారాల్లో మొదలుపెట్టినప్పుడే ఎక్కువగా పనిచేస్తాయి. జలుబు వల్లేమోలే అని నెల ఆగితే ఆ అవకాశం పోతుంది.

రెండో మెట్టు: మోనో ఆన్ చేయడం

ఆండ్రాయిడ్‌లో దారి కంపెనీని బట్టి మారుతుంది. పిక్సెల్ లాంటి ఫోన్లలో Settings > Accessibility > Audio adjustment లోకి వెళ్తే Mono audio కనిపిస్తుంది. సామ్‌సంగ్‌లో Settings > Accessibility > Hearing enhancements లో ఉంటుంది. మీ ఫోన్‌లో ఈ పేర్లు కనిపించకపోతే కంగారు పడకండి. Settings పైన ఉండే వెతికే పెట్టెలో mono అని కొట్టండి, నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది. ఎవరు ఫోన్ చేతికిచ్చినా నేను అలాగే చేస్తాను, మెనూలు గుర్తుపెట్టుకోవడం మానేశాను.

ఐఫోన్‌లో Settings > Accessibility > Audio & Visual > Mono Audio. పాత ఐఫోన్లలో ఆ మెనూ పేరు Audio/Visual అని ఉంటుంది. విండోస్ 11లో Settings > Accessibility > Audio లో Mono audio. విండోస్ 10లో Accessibility బదులు Ease of Access అని ఉంటుంది. మ్యాక్‌లో System Settings > Accessibility > Audio లో Play stereo audio as mono.

ఆన్ చేశాక ఇందాకటి వీడియోనే మళ్లీ పెట్టండి. ఇప్పుడు "లెఫ్ట్", "రైట్" రెండూ మంచి చెవిలో వినిపించాలి. హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకున్నా అచ్చం అలాగే ఉండాలి. తిప్పినప్పుడు ఏమాత్రం తేడా వినిపించినా మోనో అమలు కాలేదని అర్థం. అలాంటప్పుడు వీడియో ఆపి, యాప్ మూసి మళ్లీ తెరవండి. బ్లూటూత్ అయితే ఒకసారి తెంచి మళ్లీ కలపండి. ఇయర్‌బడ్స్ కంపెనీ యాప్‌లో స్పేషియల్ సౌండ్, సరౌండ్, 3డి లాంటివి ఆన్‌లో ఉంటే ఆపేయండి. విండోస్‌లో Spatial sound కూడా అంతే. అవి శబ్దం చుట్టూ ఉన్నట్టు భ్రమ పుట్టించడానికి రెండు చానెళ్ల మధ్య చిన్న చిన్న ఆలస్యాలు పెడతాయి. అలాంటి రెంటినీ కలిపితే గొంతు బిందెలోంచి వచ్చినట్టు డొల్లగా ఉంటుంది.

రెండు మార్పులు గమనిస్తారు. ఒకే వైపు ఉన్న శబ్దం కాస్త చిన్నదైనట్టు ఉంటుంది. రెండు చానెళ్లు కలిపేటప్పుడు శబ్దం పగిలిపోకుండా సాధారణంగా మొత్తాన్ని సగం చేస్తారు, అందువల్ల అలా వస్తుంది. వాల్యూమ్ ఒకటి రెండు గీతలు పెంచుకుంటే సరి. ఇక పాటల్లో వీణ ఇటు, తబలా అటు అనే విడదీత పోతుంది. ఒక చెవితో వినేవాళ్లకు అది ముందునుంచీ లేదు కాబట్టి నాకైతే కొత్తగా పోయిందేమీ లేదు. పాత నలుపు తెలుపు సినిమాల పాటలు ఎక్కువ భాగం మోనోలోనే రికార్డయ్యాయి, వాటిలో తేడాయే తెలియదు. వాట్సాప్‌లో తిరిగే "8డి" పాటల్లో మాత్రం బాగా తెలుస్తుంది. గొంతు తల చుట్టూ తిరుగుతున్నట్టు వాటిని చేస్తారు. మోనో లేకపోతే మనకు ఆ గొంతు నాలుగు సెకన్లు వినిపించి నాలుగు సెకన్లు మాయమవుతుంది.

మూడో మెట్టు: బ్యాలెన్స్ ఎప్పుడు కదపాలి?

ఒక చెవి పూర్తిగా పోయినవాళ్లు మోనో ఆన్ చేశాక బ్యాలెన్స్‌ని నడిమధ్యలోనే వదిలేయమంటాను. వినపడని చెవిలో బడ్ పెట్టుకోకపోతే సరిపోతుంది. మీటను పూర్తిగా ఒక పక్కకి జరిపి మర్చిపోతే తర్వాత తలనొప్పులు వస్తాయి. కొన్ని ఫోన్లలో అది ఫోన్ స్పీకర్లకీ వర్తించి, ఒక స్పీకర్ మూగబోతుంది. సామ్‌సంగ్‌లో ఫోన్ స్పీకర్‌కి, కలిపిన హెడ్‌ఫోన్స్‌కి విడివిడిగా మీటలుంటాయి, ఏది కదుపుతున్నారో చూసుకోండి. విండోస్‌లో మోనో మొత్తం కంప్యూటర్‌కి ఒకటే, ఎడమ కుడి మోతాదులు మాత్రం ఒక్కో పరికరానికి వేరు. Settings > System > Sound లోకి వెళ్లి, మీ హెడ్‌ఫోన్స్ మీద నొక్కితే Left channel, Right channel అని కనిపిస్తాయి.

బ్యాలెన్స్ నిజంగా ఉపయోగపడేది ఒక చెవి పూర్తిగా పోకుండా, మందగించినవాళ్లకు. మా అక్క సంగతి అదే. ఆమెకు ఎడమ చెవి బాగుంటుంది. కుడి చెవిలో మాట అర్థమవుతుంది గానీ చిన్నగా వినిపిస్తుంది. ఆమెకు మోనో పెట్టలేదు, స్టీరియోలోనే ఉంచి బ్యాలెన్స్ సరిచేశాం. ఎలాగంటే:

ముందు మీటను మధ్యలో పెట్టి, ఒక్క మనిషి మాత్రమే మాట్లాడే వీడియో పెట్టాం. వార్తలు చదివేదైతే మేలు, ఆ గొంతు రెండు చానెళ్లలోనూ సమానంగా ఉంటుంది. మంచి చెవికి హాయిగా ఉండేంత వాల్యూమ్ పెట్టుకుని కళ్లు మూసుకోమన్నాను. గొంతు ఎక్కడ ఉన్నట్టుందంటే ఎడమ చెవి పక్కన చూపించింది. మీటను కొద్దికొద్దిగా కుడివైపు, అంటే మందగించిన చెవి వైపు జరుపుతూ వెళ్లాను. ప్రతిసారీ రెండు మూడు వాక్యాలు విననిచ్చాను. మూడో జరుపుకి గొంతు ముక్కు పక్కకి వచ్చిందంది, నాలుగోసారికి నుదుటి మధ్యకి చేరింది. అక్కడ ఆపేశాను. కుడికి జరిపినకొద్దీ ఎడమ చెవిలో శబ్దం తగ్గుతుంది తప్ప కుడి చెవిలో పెరగదు. అందుకని చివర్లో మొత్తం వాల్యూమ్ రెండు గీతలు పెంచాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఇంకొంచెం జరిపి చూద్దామంటే జరిపాను. ఈసారి వాల్యూమ్ కూడా పెంచేసరికి "అబ్బా, గుచ్చుకుంటోంది" అని హెడ్‌ఫోన్స్ తీసేసింది. నరం వల్ల మందగించిన చెవికి చిన్న శబ్దం వినిపించదు, కాస్త పెద్దదైతే ఒక్కసారిగా భరించలేనంత అవుతుంది. రెంటి మధ్య దూరం తక్కువ. కాబట్టి గొంతు మధ్యకి రాకముందే చెవికి ఇబ్బందిగా ఉంటే వెనక్కి జరిపి అక్కడితో ఆగిపోవాలి. పూర్తి సమానం కోసం పట్టుబట్టడం మంచిది కాదు.

మీట చేయలేని పని ఇంకొకటి ఉంది. అది అన్ని స్థాయిల శబ్దాన్నీ ఒకేలా తగ్గిస్తుంది. చెవి మందగించినప్పుడు ఎక్కువగా పోయేది కీచు స్థాయి. స, శ, చ లాంటి అక్షరాలు అందులోనే ఉంటాయి. గొంతు గట్టిగానే వినిపిస్తున్నా మాట ఏమిటో తెలియడం లేదంటే బ్యాలెన్స్‌తో పని జరగదు. వినికిడి పరీక్ష చేయించుకుని, అందులో వచ్చే గ్రాఫ్ చూసి డాక్టర్‌తో మాట్లాడాలి.

వాల్యూమ్ పెంచుతున్నాం కాబట్టి హద్దు తెలిసి ఉండాలి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల వరకు పర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒక చెవితోనే బతికేవాళ్లకు ఉన్న ఆ ఒక్కటీ దెబ్బతింటే రెండోది లేదు. ఐఫోన్‌లో Settings > Sounds & Haptics > Headphone Safety లో Reduce Loud Audio ఆన్ చేసి హద్దు పెట్టుకోవచ్చు.

మోనో పెడితే గొంతు మాయమైందా?

అరుదుగా ఒక విచిత్రం ఎదురవుతుంది. మోనో ఆఫ్‌లో ఉంటే మాట వినిపిస్తుంది, ఆన్ చేయగానే మాట పోయి గది ప్రతిధ్వనో, వెనక సంగీతమో మిగులుతుంది. ఒక చానెల్ తిరగబడి రికార్డయినప్పుడు ఇలా అవుతుంది. ఒక వైపు అల పైకి లేచిన క్షణంలో రెండో వైపు అదే అల కిందికి దిగుతుంది. కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండు చెవులతో వినేవాళ్లకి ఇది అంతగా పట్టుబడదు, అందుకే అప్‌లోడ్ చేసినవాళ్లకి తెలియదు. సరిగ్గా అలాంటి వీడియోకి మాత్రం మోనో ఆపి మామూలుగా వినాలి. రెండు వైపులా ఉన్నది ఒకటే మాట కాబట్టి ఒక చానెల్ చాలు.

మోనో ఆఫ్‌లో ఉన్నా, ఏ వీడియో పెట్టినా, ఏ పాట పెట్టినా గొంతు పోయి సంగీతమే వినిపిస్తుంటే అది ఫైలు తప్పు కాదు. వైరున్న ఇయర్‌ఫోన్స్ పిన్ను పూర్తిగా లోపలికి దిగలేదు, లేదా వైరులో ఒక తీగ తెగింది. పిన్ను ఒకసారి తీసి గట్టిగా నొక్కండి.

రోడ్డు మీద, ఆటల్లో

ఉన్న ఒక్క మంచి చెవిలో బడ్ పెట్టుకుని రోడ్డు మీద నడిస్తే వెనక వచ్చే లారీ హారన్ వినేందుకు ఇంకేమీ మిగలదు. నేను బయట నడిచేటప్పుడు బడ్స్ జేబులోంచి తీయను. కావాలనుకునేవాళ్లు చెవి ముందు ఎముకకి ఆనించే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్స్ చూడొచ్చు, అవి చెవి రంధ్రాన్ని మూయవు. వాటిలో ఒక తమాషా ఉంది. పుర్రె ఎముక శబ్దాన్ని పెద్దగా తగ్గకుండా అటు నుంచి ఇటు మోస్తుంది. వినపడని చెవి దగ్గర వాయిస్తున్నది కూడా ఎముక గుండా మంచి చెవి లోపలికి చేరిపోతుంది. నేను మోనో మర్చిపోయిన రోజున కూడా వాటిలో రెండు వైపులూ వినిపించాయి.

షూటింగ్ గేమ్స్ ఆడే పిల్లలకు మోనో పెడితే అడుగుల చప్పుడు ఎటునుంచో తెలియదు. ఒక చెవి పూర్తిగా లేని పిల్లవాడికి అదెలాగూ తెలియదు గానీ, ఒక చెవి కాస్త మందగించిన పిల్లవాడికి స్టీరియోలో కొంత తెలుస్తుంటుంది. అడిగి చూసి పెట్టండి. ఫోర్ట్‌నైట్ లాంటి కొన్ని ఆటల్లో చప్పుడు వచ్చే దిక్కును తెరమీద గుర్తుగా చూపించే సెట్టింగ్ ఉంటుంది.

వీడియోలు తీసేవాళ్లకు

మీరే ఇంటర్వ్యూలు తీసి పెట్టేవాళ్లయితే, రెండు మైకుల శబ్దాన్ని ఎడిటింగ్‌లో మధ్యకి కలిపేయండి. ఇప్పటికే ఉన్న వీడియోని కంప్యూటర్‌లో సరిచేసుకోవాలంటే, వీడియోలు మార్చే ffmpeg అనే ప్రోగ్రామ్ ఉన్నవాళ్లకి ఈ ఒక్క వరుస చాలు:

```
ffmpeg -i interview.mp4 -c:v copy -ac 1 interview-mono.mp4
```

ఇందులో -ac 1 అన్నది రెండు చానెళ్లనీ కలిపి ఒకటి చేస్తుంది. -c:v copy వల్ల బొమ్మ జోలికి పోదు, అందుకే గంట వీడియో కూడా త్వరగా అయిపోతుంది. మోనో సెట్టింగ్ లేని టీవీకి పెన్‌డ్రైవ్‌లో వీడియో పెట్టి, హెడ్‌ఫోన్స్‌తో చూడాల్సి వచ్చినప్పుడు నేనిదే చేస్తాను. తీసుకెళ్లేముందు ఒకసారి హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకుని అర నిమిషం వింటాను. ఆ పరీక్షే కొత్త ఫోన్ కొన్నప్పుడూ, ఫోన్ రీసెట్ చేసినప్పుడూ చేయండి. మోనో దానంతటదే ఆఫ్ అయిపోయి ఉంటే ఒక చెవితో వినేవాళ్లకి ఆ సంగతి తెలియజెప్పేది అదొక్కటే.